ఒకే పాఠం, మూడు వయసులు: భిన్నాలు చెప్పేముందు ప్లాన్ ఎలా వేసుకోవాలి

పిల్లలు క్లాసులో కుదురుగా లేరంటే మనం ముందు టైమ్ మీద పడతాం. పాఠం కాస్త తగ్గిద్దాం, మధ్యలో ఓ ఆట పెడదాం అనుకుంటాం. అది తప్పని కాదు గానీ చాలాసార్లు అసలు సంగతి వేరే ఉంటుంది. ఆ విషయం పిల్లాడికి ఇంకా అందే దశ రాలేదు, లేదంటే అందే దశలోనే ఉన్నాడు గానీ మనం చెప్పే రూపంలో అందట్లేదు, అప్పుడే వాడి చూపు పక్కకి పోతుంది. అందుకే ప్లాన్ వేసేటప్పుడు నేను ముందు పిల్లలు దేనికి రెడీగా ఉన్నారో చూస్తా, తర్వాత వస్తువుతో చెప్పాలా బొమ్మతో చెప్పాలా అంకెలతో చెప్పాలా అని తేల్చుకుంటా, నిమిషాల లెక్క ఆఖర్న వేస్తా. ఈ వరుస తిరగేస్తే ఎన్ని ఆటలు పెట్టినా పాఠం నిలబడదు.

ఊరికే సూత్రాలు చెప్తే ఉపయోగం ఉండదు కాబట్టి ఒకే టాపిక్ తీసుకుందాం, భిన్నాలు. దీన్ని 5-6 ఏళ్ల వాళ్లకి, 8-9 ఏళ్ల వాళ్లకి, 11-12 ఏళ్ల వాళ్లకి ఎలా ప్లాన్ చేయాలో చూద్దాం. మధ్య వయసు వాళ్ల క్లాసు మాత్రం నిమిషం నిమిషం వివరంగా రాస్తా, ఎందుకంటే భిన్నాల్లో చిక్కుముడి పడేది ఎక్కువగా అక్కడే.

1. చివర్లో పిల్లలు ఏం చేసి చూపిస్తారో ఒక్క వాక్యం రాయండి

"భిన్నాలు అర్థం చేసుకుంటారు" అని రాయొద్దు, అది మన కంటికి కనపడేది కాదు. 5-6 ఏళ్ల వాళ్లకైతే "ఒక కాగితాన్ని ఇద్దరికి సమానంగా పంచి, సమానమే అని ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తారు" అని రాసుకోండి. 8-9 వాళ్లకి "1/3, 1/4 లో ఏది పెద్దదో చెప్పి, ఎందుకో కాగితం పట్టీతో గానీ బొమ్మతో గానీ చూపిస్తారు". 11-12 వాళ్లకి "1/2 + 1/3 చేసేముందే జవాబు అరకంటే ఎక్కువో తక్కువో చెప్తారు, 2/5 ఎందుకు కుదరదో మాటల్లో వివరిస్తారు". మూడూ భిన్నాలే, కానీ ఒక్కో వయసులో బుర్ర చేసే పని వేరు. మొదటిది చేత్తో చేసేది, రెండోది పోల్చేది, మూడోది కళ్ల ముందు లేనిదాని గురించి వాదించేది.

2. ముందురోజు మూడు నిమిషాల పరీక్ష

పరీక్ష అంటే మార్కులు కాదు. పాఠానికి ముందురోజు నలుగురైదుగురు పిల్లల్ని విడివిడిగా పిలిచి ఒక్కో ప్రశ్న అడగండి. బాగా చదివేవాళ్లనే పిలవకుండా అన్ని రకాల వాళ్లనీ కలిపి తీసుకోండి.

5-6 ఏళ్ల వాళ్ల ముందు ఒక కాగితం పట్టీని కావాలనే ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా రెండు ముక్కలు చేసి, "ఇద్దరికీ పంచాను, సరిపోయిందా?" అనండి. "సరిపోయింది, ఇద్దరికీ ఒక్కోటి వచ్చింది కదా" అన్నారంటే వాళ్లు ముక్కల లెక్క మాత్రమే చూస్తున్నారు, సైజు ఇంకా లెక్కలోకి రాలేదు. వాళ్లకి అర, పావు అనే పేర్ల కంటే ముందు "సమానం" అనేది చేతిలోకి రావాలి.

8-9 వాళ్లకి ఒకే సైజు కాగితాలు రెండు తీసుకుని ఒకదాన్ని నిలువుగా సగం, ఇంకోదాన్ని మూల నుంచి మూలకి సగం కత్తిరించండి. ఒక దీర్ఘచతురస్రం ముక్క, ఒక త్రిభుజం ముక్క చేతికిచ్చి ఏది పెద్దదని అడగండి. త్రిభుజం పొడుగ్గా ఉంది కాబట్టి అదే పెద్దదని చెప్పేవాళ్లు ఈ వయసులో కూడా ఉంటారు. వాళ్లని ఆకారం లాగేస్తోందన్నమాట. అలాంటివాళ్లు ఎక్కువమంది తేలితే మీ పాఠంలో గుండ్రాలు, త్రిభుజాలు అన్నీ కలిపేయకుండా ఒకే రకం పట్టీలతో నడపండి.

11-12 వాళ్లకి "1/2 కీ 1/3 కీ మధ్యలో ఉండే భిన్నం ఒకటి చెప్పగలవా?" అని అడగండి. మధ్యలో ఏమీ ఉండదు అన్నారంటే భిన్నాన్ని ఇంకా ఒక సంఖ్యగా చూడట్లేదు, పైన ఒక అంకె కింద ఒక అంకె అనే చూస్తున్నారు. వాళ్లతో నేరుగా కూడికలోకి వెళ్తే పైవి పైవి, కిందవి కిందవి కలిపేస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనం అడిగే తీరు వల్ల కూడా జవాబు మారిపోతుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ఒక వరసని ఎడంగా జరిపి, ఇప్పుడూ సమానమేనా అని అడిగేవాడు. చిన్నపిల్లలు చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువున్నాయి అనేవాళ్లు. 1970ల్లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగిల్ అదే పరీక్షని కొంచెం మార్చారు. బిళ్లల్ని పెద్దవాళ్లు జరపకుండా ఒక అల్లరి టెడ్డీబేర్ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేశారు, అప్పుడు సమానమే అని సరిగ్గా చెప్పినవాళ్లు చాలా పెరిగారు. పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి మళ్లీ అదే ప్రశ్న అడిగితే, ఇందాక నేను చెప్పింది తప్పేమో అని పిల్లలు జవాబు మార్చేసే అవకాశం ఉంది. అందుకని అదే ప్రశ్న రెండోసారి అడక్కండి, "ఎలా తెలిసింది?" అనండి, చెప్పలేకపోతే చేసి చూపించమనండి.

3. వస్తువు, బొమ్మ, అంకె

పిల్లలు ఒక విషయాన్ని చేత్తో చేసి, తర్వాత బొమ్మగా చూసి, ఆఖరికి గుర్తులతో పట్టుకుంటారని జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పాడు. లెక్కల క్లాసుల్లో ఇప్పటికీ ఇదే దారి నడుస్తోంది. మన ప్లాన్‌లో తేల్చుకోవాల్సింది ఈ మూడింట్లో దేని దగ్గర మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి అనే.

5-6 వాళ్లు వస్తువుతో మొదలై వస్తువుతోనే ఆగిపోవాలి. అర, పావు అనే మాటలు నోటికి రావచ్చు, 1/2 అని రాయించక్కర్లేదు. 8-9 వాళ్లు వస్తువుతో మొదలై బొమ్మ మీదుగా అంకె దాకా వస్తారు. ఈ మూడూ ఒకే క్లాసులో తగలాలి, ఒకదాని పక్కన ఒకటి కనపడాలి. 11-12 వాళ్లు బొమ్మతో మొదలెట్టొచ్చు, కానీ పట్టీలు టేబుల్ మీద ఉండాలి. పెద్దపిల్లలు కదా వీటితో పనేంటి అని తీసెయ్యకండి. కొత్త విషయం వచ్చినప్పుడు పన్నెండేళ్ల పిల్లైనా మళ్లీ కాగితం మడవాల్సి రావచ్చు. పిల్లల ఆలోచన కొత్త దశలోకి మారుతుందని పియాజే చెప్పిన 7, 11 లాంటి వయసులు సుమారు లెక్కలే, పుట్టినరోజు నాడు తలుపు తెరుచుకున్నట్టు ఏమీ జరగదు, ఒకే పిల్ల ఒక సబ్జెక్టులో గుర్తులతో ఆడుకుంటూ ఇంకోదాంట్లో వస్తువు కోసం వెతుక్కోవడం మామూలే.

4. ఇప్పుడు నిమిషాలు

వయసుని ఇన్నితో గుణిస్తే అన్ని నిమిషాలు అనే ఫార్ములాలు చాలా తిరుగుతుంటాయి, వాటిని పట్టుకుని వేలాడకండి. నచ్చిన పనిలో అయిదేళ్ల పిల్లాడు అరగంట కూడా ఉంటాడు, వినడం మాత్రమే అయితే మూడు నిమిషాలకే జారిపోతాడు. క్లాసు నడపడానికి నేను వాడే అంచనా మాత్రం చెప్తా. ఒకే రకం పని 5-6 వాళ్లకి 7-8 నిమిషాలు, 8-9 వాళ్లకి 10-12, 11-12 వాళ్లకి 15-20. టీచర్ ఒక్కరే మాట్లాడే టైమ్ ఇందులో సగం కూడా ఉండకూడదు.

ఇందులో మారాల్సింది టాపిక్ కాదు, పని రకం. మడవడం, చూడటం, మాట్లాడటం, గీయడం, రాయడం, లేచి నిలబడటం ఇలా. టాపిక్ మార్చేస్తే దారం తెగిపోతుంది, పని రకం మారిస్తే అదే ఆలోచన ఇంకో వైపు నుంచి మళ్లీ తగులుతుంది. అలాగే ఒకేసారి బుర్రలో పట్టే విషయాలు చిన్నపిల్లలకి పెద్దవాళ్లకంటే తక్కువ కాబట్టి, "పట్టీ తీసుకో, మూడుగా మడువు, ఒకటి కత్తిరించు, పేరు రాయి, పక్కవాడితో పోల్చు" అని ఒకే ఊపులో చెప్తే మూడోది వచ్చేసరికి మొదటిది పోతుంది. 5-6 వాళ్లకి ఒక్కో సూచన, అది చేశాక ఇంకోటి. 8-9 వాళ్లకి రెండు. మిగతావి బోర్డు మీద చిన్న బొమ్మలుగా వేసేయండి.

5. 8-9 ఏళ్ల క్లాసు, 40 నిమిషాలు

ముందు సామాను. ఇద్దరికి నాలుగు కాగితం పట్టీలు, ఒక్కోటి 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు రంగులైతే మంచిది. 24 ఎందుకంటే రెండుగా చేస్తే 12, మూడుగా 8, నాలుగుగా 6, అన్నీ నిండు సెంటీమీటర్లే వస్తాయి. మూడుగా మడిచే పట్టీ మీద మాత్రం 8 దగ్గర, 16 దగ్గర ముందే చుక్కలు పెట్టుంచండి. మూడు సమాన భాగాలుగా మడవడం ఈ వయసు చేతులకి చాలా కష్టం, ఆ చుక్కలు లేకపోతే పట్టీల పనికిచ్చే పన్నెండు నిమిషాలూ మడతలతోనే అయిపోతాయి, ఆలోచించాల్సింది పక్కకి పోతుంది.

మొదటి 5 నిమిషాలు: బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏమీ వివరించకుండా, ఏది పెద్దదో ఎవరికి వాళ్లు చీటీ మీద రాయమనండి. చాలామంది 1/4 అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. ఇన్నాళ్లూ వాళ్లకి అంకెలు అలాగే పనిచేశాయి, కాబట్టి అది తెలివితక్కువ జవాబు కాదు. జవాబు చెప్పొద్దు, చీటీ దగ్గరే పెట్టుకోమనండి. తాము రాసింది నిజమో కాదో చూడాలనే కుతూహలం మిగతా క్లాసుని నడిపిస్తుంది.

5 నుంచి 17 దాకా మడవడం. ఒక పట్టీ అలాగే ఉంచాలి, మిగతా మూడూ రెండుగా, మూడుగా, నాలుగుగా మడిచి, ఒక్కోదాంట్లోంచి ఒక్క ముక్క కత్తిరించి, నిండు పట్టీ కింద ఎడమ అంచు కలిపి పేర్చాలి. మీరు తిరుగుతూ ఒక్కటే అడగండి: "ఇందులో ఎన్ని పడితే నిండు పట్టీ అవుతుంది?" ఇంకేమీ చెప్పకండి, పెద్ద ముక్క ఏదో వాళ్ల కళ్లకే కనపడుతుంది.

17 నుంచి 21: అందరూ లేవాలి. నేల మీద ఒకే పొడవున్న రెండు గీతలు గీసి, ఒకదాని మీద ముగ్గుర్ని, ఇంకోదాని మీద నలుగుర్ని సమానంగా సర్దుకుని నిలబడమనండి. ఎవరికి ఎక్కువ చోటు దొరికింది? ఇది ఊరికే ఒళ్లు విరుచుకోవడానికి పెట్టింది కాదు, పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుందనేది ఒంటితో తెలుస్తుంది.

21 నుంచి 31: నోట్సులో బొమ్మ. 12 సెంటీమీటర్ల కడ్డీలు ఒకదాని కింద ఒకటి మూడు గీసి, రెండుగా, మూడుగా, నాలుగుగా విభజించాలి, అంటే 6, 4, 3 సెంటీమీటర్లు. ఇక్కడ కళ్లు బాగా తెరిచి చూడండి. కొంతమంది మూడు కడ్డీలూ మూడు పొడవుల్లో గీస్తారు, నాలుగు ముక్కలు కదా అని పొడుగ్గా గీసేస్తారు. అది గీత సరిగ్గా రాక కాదు. పోల్చాలంటే నిండు భాగం ఒకటే ఉండాలనేది వాళ్లకి ఇంకా పట్టలేదు. అప్పుడు ఆ కడ్డీని చెరిపించకండి, ఒక 12 సెంటీమీటర్ల పట్టీలో సగం (6), ఒక 40 సెంటీమీటర్ల పట్టీలో పావు (10) చేతికిచ్చి, "అర ఎప్పుడూ పావు కంటే పెద్దదేనా?" అనండి. వాళ్లు కాసేపు తర్జనభర్జన పడతారు, అదే కావాలి.

31 నుంచి 36: ఇప్పుడు అంకెలు. ముక్కల మీద, బొమ్మల పక్కన 1/2, 1/3, 1/4 రాయించి, పట్టీ లేకుండా 1/5, 1/8 ఎక్కడుంటాయో అడగండి. లేని పట్టీని ఊహించగలిగారంటే అంకెకి అర్థం దొరికినట్టే. ఊహించలేనివాళ్లకి మళ్లీ పట్టీ ఇవ్వండి, అడగాల్సిన అవసరం లేకుండా టేబుల్ మీదే పెట్టేస్తే ఇంకా మంచిది.

చివరి 4 నిమిషాలు: ఇందాకటి చీటీ తిప్పి వెనక "1/5, 1/6 లో ఏది పెద్దది, ఎందుకు" అని రాయాలి. బొమ్మ వేసినా సరే, ఒక వాక్యం రాసినా సరే.

6. మిగతా రెండు వయసులు

5-6 వాళ్ల క్లాసు దీంట్లో సగం టైమే. కాగితం పంచడం ఒక 7 నిమిషాలు, మట్టి ముద్దని ఇద్దరికి, తర్వాత నలుగురికి పంచడం ఇంకో 7, మీరు కావాలని తప్పుగా పంచితే వాళ్లు పట్టుకోవడం ఇంకో 5. ఈ మూడోది వాళ్లకి తెగ నచ్చుతుంది, "కాదు టీచర్, అది పెద్దగా ఉంది!" అని అరుస్తారు, ఆ అరుపే మీకు కావాల్సిన జవాబు.

11-12 వాళ్లతో అసలు పని వాదన. 1/2 + 1/3 = 2/5 అని మీరే బోర్డు మీద రాసి, ఇది ఒకరి జవాబు, ఒప్పుకుంటారా అనండి. లెక్క చేయనివ్వకండి, ముందు సైజు అడగండి. అరకి ఇంకొంచెం కలిపాం, జవాబు అరకంటే పెద్దదవ్వాలి, మరి 2/5 అరకంటే చిన్నది కదా. అక్కడ చేతులు లేస్తాయి. తర్వాత 24 సెంటీమీటర్ల పట్టీ మీద 12 కి 8 కలిపితే 20, అంటే 24 లో 20, అంటే 5/6. ఇది కుదిరాక ఇంకో వాక్యం ఇవ్వండి: "పైనా కిందా 1 కలిపితే భిన్నం పెద్దదవుతుంది. ఎప్పుడూ నిజమా, అప్పుడప్పుడా, ఎప్పుడూ కాదా?" 1/2 నుంచి 2/3 పెరిగింది, 3/4 నుంచి 4/5 పెరిగింది. చాలామంది అక్కడే "ఎప్పుడూ నిజం" అని తేల్చేస్తారు. ఎవరో ఒకరు 3/2 పెట్టి చూస్తారు, 4/3 వచ్చి తగ్గుతుంది. ఎవరూ పెట్టకపోతే మీరు పెట్టకండి, "ఒకటి కంటే పెద్ద భిన్నాలు ఉండవా?" అని మాత్రం అనండి. ఇదే ప్రశ్న ఎనిమిదేళ్ల వాళ్లకిస్తే రెండు ఉదాహరణలు సరిపోయాయని సంతోషంగా ఆగిపోతారు, "అన్నిటికీ నిజమేనా" అని వెతకడం ఇంకా వాళ్ల పని కాలేదు.

7. క్లాసు జారిపోతుంటే ఎందుకో కనుక్కోవడం

క్లాసంతా ఒకేసారి కదలడం మొదలెడితే అది టైమ్ సమస్య, పని రకం మార్చండి. అప్పటిదాకా బాగున్న కొంతమంది సరిగ్గా ఒక్కచోటే, అంటే బొమ్మ నుంచి అంకెకి వెళ్లేచోటే పక్కకి చూస్తుంటే అది టైమ్ కాదు, మెట్టు ఎత్తైపోయింది, వాళ్లకి పట్టీ మళ్లీ ఇవ్వండి. ఇక మొదటి నుంచీ బుద్ధిగా చేతులు కదుపుతూ అన్నీ తప్పు చేసేవాళ్లుంటారు, వీళ్లని గమనించడమే కష్టం ఎందుకంటే గొడవ చేయరు. వీళ్లకి వేరే ఆట అక్కర్లేదు, రెండో స్టెప్పులో చేసిన చిన్న పరీక్షకి వెనక్కి వెళ్లాలి.

ఇంకో రకం కూడా ఉంది, జవాబులన్నీ కరెక్టే గానీ లోపల "కింద అంకె పెద్దదైతే భిన్నం చిన్నది" అని ఒక రూల్ కంఠస్థం పెట్టేసుకుంటారు. మర్నాడు వీళ్లకి 2/3, 3/4 ఇవ్వండి. ఆ రూల్ పట్టుకున్నవాళ్లు 2/3 పెద్దదంటారు. పట్టీ మీద 2/3 అంటే 16 సెంటీమీటర్లు, 3/4 అంటే 18, అక్కడే కొలిచి చూడమనండి.

సాయంత్రం ఆ చీటీల్ని మూడు కుప్పలు చేయండి: జవాబూ కారణమూ రెండూ సరైనవి, జవాబు సరే గానీ కారణం లేనివి, జవాబే తప్పైనవి. రేపటి ప్లాన్ ఈ కుప్పల్ని బట్టే ఉంటుంది. మొదటి కుప్ప వాళ్లకి 2/3, 3/4 సిద్ధం చేయండి, రెండో కుప్ప వాళ్లతో బొమ్మ గీయిస్తూ మాట్లాడించండి, మూడో కుప్ప వాళ్ల టేబుల్ మీద కొత్త పట్టీలు పెట్టండి, ఈసారి మూడుగా, ఆరుగా మడిచేవి.